దవడ పన్నుకు క్యాప్ డబ్బులు కట్టే ముందు జాగ్రత్త: వేర్ల పంగలో ఎముక ఎంత పోయిందో కొలిచారా?

చిగుళ్ల జబ్బు ఉన్న దవడ పన్నుకు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తామని అంటే, ఒప్పుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఫర్కేషన్ చూశారా? ఎన్ని మిల్లీమీటర్లు?" దీనికి జవాబు రాకపోతే డబ్బు కట్టకండి. పన్ను తీసేసి ఇంప్లాంట్ పెడదామన్నా అడగాల్సింది ఇదే ప్రశ్న. ఈ ఒక్క కొలత తీసుకోకపోవడం వల్ల రెండు వైపులా నష్టపోయిన కేసు ఒకటి కింద వివరంగా రాస్తున్నాం.

దవడ పళ్లకు ముందు పళ్లలా ఒకే వేరు ఉండదు. కింది దవడ పన్నుకు సాధారణంగా రెండు, పైదానికి మూడు వేర్లు ఉంటాయి. పంగల కర్రలా అవి విడిపోయే చోటే ఫర్కేషన్. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని నిండా ఎముక ఉంటుంది. చిగుళ్ల జబ్బులో ఎముక కిందికి కరుగుతూ పోయి ఆ పంగ దాకా వచ్చిందంటే, ఇక పైనుంచి కిందికే కాదు, వేర్ల మధ్యలోకి అడ్డంగా కూడా తినేయడం మొదలవుతుంది. పన్ను భవిష్యత్తును నిర్ణయించేది ఎక్కువగా ఈ అడ్డంగా పోయిన లోతే.

ఇక కేసు. యాభై దాటిన మనిషి, షుగర్ ఉంది. ఎడమ వైపు కింది మొదటి దవడ పన్ను దగ్గర చిగురు వాచింది, నమిలితే కొద్దిగా నొప్పి. ఎక్స్‌రేలో రెండు వేర్ల మధ్య నల్లటి నీడ కనిపించింది. దాన్ని చూసి "ఇన్‌ఫెక్షన్ ఉంది" అని రూట్ కెనాల్ చేసి, జిర్కోనియా క్యాప్ బిగించారు. చిగురు లోతు కొలవలేదు. నరం బతికి ఉందో లేదో తెలుసుకునే చల్లటి పరీక్ష కూడా చేయలేదు. ఎనిమిది నెలలకు బుగ్గ వైపు మళ్లీ వాచి చీము వచ్చింది. ఈసారి "పన్ను పనికిరాదు, తీసేసి ఇంప్లాంట్ పెడదాం" అన్నారు. వాళ్ల మాట ప్రకారమే అయితే ఒకే పన్నుకు మూడుసార్లు బిల్లు.

వేర్ల మధ్య నీడ కనిపించడానికి రెండు వేర్వేరు కారణాలు ఉండొచ్చు, రెండింటికీ వైద్యం వేరు. పన్ను నరం చచ్చిపోతే, పంగ పైకప్పులో ఉండే సన్నని పక్క కాలువల గుండా ఇన్‌ఫెక్షన్ కిందికి దిగి అక్కడి ఎముకను తింటుంది. అలాంటప్పుడు రూట్ కెనాల్ సరిగ్గా చేస్తే చాలు, కొన్ని నెలల్లో ఎముక తనంతట తానే నిండే అవకాశం బాగా ఉంటుంది. నోట్లో మిగతా చోట్ల చిగుళ్లు బాగుండి, ఈ ఒక్క పన్ను దగ్గరే నీడ ఉండి, చల్లదనం తగిలినా పన్నుకు ఏమీ తెలియకపోతే ముందు ఈ కారణాన్నే అనుమానించాలి. నరం బతికే ఉండి, పక్క పళ్ల దగ్గర కూడా చిగురు లోతులు ఉంటే జబ్బు చిగుళ్లది. దానికి రూట్ కెనాల్ చేసినా ఎముక తిరిగి రాదు. మన కేసులో పరీక్ష చేయకుండానే నరం తీసేశారు కాబట్టి, అది అవసరమో కాదో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. అందుకే చల్లటి పరీక్ష రూట్ కెనాల్‌కు ముందే జరగాలి.

తర్వాత ఆయన చిగుళ్ల స్పెషలిస్టు దగ్గరికి వెళ్లారు. అక్కడ వాడింది నేబర్స్ ప్రోబ్. కొడవలిలా వంగి, మూడు మిల్లీమీటర్లకొక గుర్తు ఉండే కొలపుల్ల ఇది. నిటారు ప్రోబ్ చిగురు ఎంత లోతుకు విడిపోయిందో మాత్రమే చెబుతుంది. పంగలోకి అడ్డంగా తిరగాలంటే వంపు ఉండాల్సిందే. బుగ్గ వైపు నిలువు లోతు 6 మిల్లీమీటర్లు, అడ్డంగా 5. నాలుక వైపు అడ్డంగా 2. పుల్ల ఈ వైపు నుంచి ఆ వైపుకి బయటపడలేదు. అంటే బుగ్గ వైపు గ్రేడ్ 2, నాలుక వైపు గ్రేడ్ 1.

ఈ గ్రేడ్‌ల లెక్క 1975లో హాంప్, నైమన్, లిండే ఇచ్చిన పద్ధతి. అడ్డంగా 3 మిల్లీమీటర్ల లోపైతే గ్రేడ్ 1, అంతకన్నా ఎక్కువ వెళ్లినా అవతలికి చేరకపోతే గ్రేడ్ 2, పుల్ల ఆరపార దూరిపోతే గ్రేడ్ 3. కొందరు డాక్టర్లు 1953 నాటి గ్లిక్‌మన్ పద్ధతి రాస్తారు. అందులో నాలుగు గ్రేడ్‌లు ఉంటాయి. ఆరపార పోయినా చిగురు కప్పి ఉంచితే గ్రేడ్ 3, చిగురు కూడా దిగిపోయి సొరంగం కంటికి కనిపిస్తే గ్రేడ్ 4. రెండు చోట్ల రెండు అంకెలు చెప్పారని కంగారు పడకుండా, ఏ వైపు ఎన్ని మిల్లీమీటర్లో రాసివ్వమనండి. ఇంకో డాక్టర్‌కు చూపించినప్పుడు అక్కరకొచ్చేది ఆ కొలతే.

ఎక్స్‌రే ఒక్కదాన్నే నమ్మితే ఎందుకు చాలదంటే, అది మూడు కొలతల పన్నును ఒక పలకగా నొక్కి చూపిస్తుంది. గ్రేడ్ 1 అందులో చాలాసార్లు కనిపించనే కనిపించదు. పై దవడలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. అక్కడ పంగకు మూడు ద్వారాలుంటాయి, అంగిలి వైపు వేరు నీడ వాటిమీద పడుతుంది. పైగా ముందు వైపు ద్వారం అంగిలి వైపుకి జరిగి ఉంటుంది కాబట్టి బుగ్గ వైపు నుంచి పుల్ల పెడితే దొరకదు, అంగిలి వైపు నుంచే వెతకాలి. పై దవడ పన్నును ఒక్క బుగ్గ వైపే కొలిచి "బాగుంది" అంటే పరీక్ష సగమే జరిగినట్టు.

ఈ మనిషికి ఆ చోటే ఎందుకు దెబ్బతిన్నదో కూడా తేలింది. క్యాప్ అంచు చిగురు కిందికి సుమారు రెండు మిల్లీమీటర్లు దిగి, సరిగ్గా పంగ ముఖద్వారం మీద బయటికి పొడుచుకొచ్చి ఉంది. దాని కింద పాచి చేరితే ఏ బ్రష్షూ అందుకోలేదు. కింది మొదటి దవడ పన్నులో బుగ్గ వైపు, పన్ను మెడ నుంచి పంగ దాకా దూరం మామూలుగా 3 మిల్లీమీటర్లే. క్యాప్ అంచు రెండు మిల్లీమీటర్లు దిగిందంటే దాదాపు పంగ నోట్లో కూర్చున్నట్టే. జబ్బు క్యాప్‌కు ముందే ఉంది, దాన్ని ఎగదోసింది క్యాప్.

మామూలు క్లీనింగ్‌తో ఇది ఎందుకు పోదని చాలామంది అడుగుతారు. 1979లో బోవర్ మొదటి దవడ పళ్ల పంగల ద్వారాలను కొలిచి చూస్తే, నూటికి 81 ద్వారాల వెడల్పు ఒక మిల్లీమీటరు లోపే ఉంది. చేత్తో గీకే క్యూరెట్ అలుగు వెడల్పే ముప్పావు నుంచి ఒక మిల్లీమీటరు పైచిలుకు. పరికరం లోపలికి దూరదు, గార లోపలే ఉండిపోతుంది. సన్నని అల్ట్రాసోనిక్ మొనలు కొంత నయం, అయినా గ్రేడ్ 2లో చిగురు తెరవకుండా మొత్తం శుభ్రం అవుతుందని హామీ ఇవ్వలేం. "రెండుసార్లు క్లీనింగ్ చేయించాను, తగ్గలేదు, కాబట్టి పన్ను తీసేయాలి" అన్న లెక్క తప్పేది ఇక్కడే.

చేసిన వైద్యం ఇదీ. ముందు షుగర్ అదుపులోకి తెచ్చారు. క్యాప్ కోసి తీసి, చిగురుకు పైనే ఆగే తాత్కాలిక క్యాప్ పెట్టారు. మత్తు ఇచ్చి వేర్ల దాకా లోతు క్లీనింగ్ చేసి, మూడు నెలల తర్వాత మళ్లీ కొలిచారు. వాపు తగ్గింది, నిలువు లోతు 5కి వచ్చింది, అడ్డం మాత్రం 5 దగ్గరే ఆగింది. అప్పుడు చిగురు తెరిచి, పంగను కంటితో చూస్తూ శుభ్రం చేసి, ఎముక పొడి నింపి, మీద మెంబ్రేన్ అనే పలుచటి పొర కప్పి కుట్టారు. తొమ్మిది నెలలకు అడ్డం కొలత 2 మిల్లీమీటర్లు, అంటే గ్రేడ్ 2 కాస్తా గ్రేడ్ 1 అయింది. పంగ పూర్తిగా మూసుకుపోలేదు, చాలా కేసుల్లో మూసుకుపోదు కూడా. ఈ ఆపరేషన్ లక్ష్యం గ్రేడ్ తగ్గించి, రోజూ శుభ్రం చేసుకోగలిగే స్థితికి తేవడమే. పక్కా క్యాప్ ఆ తర్వాతే వేశారు. మొదటి క్యాప్ డబ్బు పోయినట్టే.

ఈ ఎముక నింపే వైద్యం అమ్మేవాళ్ల దగ్గరా జాగ్రత్త. ఫలితం బాగా వచ్చేది కింది దవడ పళ్ల గ్రేడ్ 2కి, పై దవడలో బుగ్గ వైపు గ్రేడ్ 2కి. ఆరపార పోయిన గ్రేడ్ 3కి "బోన్ గ్రాఫ్ట్ పెడితే మూసుకుపోతుంది" అని ఎవరైనా చెబితే ఆ మాట నమ్మి సంతకం పెట్టకండి. గ్రేడ్ 3కి దారులు వేరు: పంగను కావాలనే తెరిచి, ఇంటర్‌డెంటల్ బ్రష్ దూరేలా సొరంగం చేయడం, లేదా రూట్ కెనాల్ చేసి పాడైన ఒక వేరును కోసి తీయడం. సొరంగంలో వేరు పుచ్చిపోయే ప్రమాదం ఉంటుంది. వేరు కోసిన కింది పళ్లలో మిగిలిన వేరు విరిగే ప్రమాదం ఉంటుంది. ఈ రెండు మాటలూ ముందే చెప్పే డాక్టర్ దగ్గరే చేయించుకోండి.

మరి పన్ను ఎన్నాళ్లు ఉంటుంది? హిర్ష్‌ఫెల్డ్, వాసర్‌మన్ 1978లో ప్రచురించిన అధ్యయనంలో 600 మందిని సగటున 22 ఏళ్లు గమనించారు. పంగ దెబ్బతిన్న దవడ పళ్లలో 31 శాతం ఊడిపోయాయి. మిగిలినవి నోట్లోనే ఉన్నాయి, ఆ రోజుల వైద్యంతోనే. అయితే వాళ్లంతా క్రమంగా చెకప్‌కు వచ్చినవాళ్లు. గ్రేడ్ పెరిగే కొద్దీ ఊడే ప్రమాదం పెరుగుతుంది, పొగ తాగేవాళ్లలో, షుగర్ అదుపులో లేనివాళ్లలో ఇంకా పెరుగుతుంది. యూరప్ చిగుళ్ల వైద్యుల సమాఖ్య 2020 మార్గదర్శకాల్లో కూడా, గ్రేడ్ 2, 3 ఫర్కేషన్ ఉన్నంత మాత్రాన పన్ను తీయకూడదు, వైద్యం చేయాలి అని స్పష్టంగా ఉంది. పన్ను బాగా ఊగుతూ, నిలువుగా ఎముక వేరు కొసల దాకా పోయిన కేసులు వేరు, అక్కడ తీయడమే సబబు. కానీ చిగుళ్ల జబ్బు తగ్గించకుండా పెట్టిన ఇంప్లాంట్ చుట్టూ కూడా ఎముక కరుగుతుందన్న సంగతి బిల్లు మీద ఎవరూ రాయరు.

ఇప్పటికే క్యాప్ వేయించుకున్నవాళ్లు ఫర్కేషన్ కొలిపించడానికి దాన్ని తీయించనక్కర్లేదు, నేబర్స్ ప్రోబ్ క్యాప్ కిందుగానే వెళ్తుంది. పళ్ల సందులు శుభ్రం చేసే దారం క్యాప్ అంచు దగ్గర చిక్కి తెగుతున్నా, ఒకే చోట చిగురు పదేపదే వాచి రక్తం వస్తున్నా, నొక్కితే చీము రుచి తగిలినా ఆలస్యం చేయకండి. కొలిచిన అంకెలు కాగితం మీద తీసుకోండి. మూడు నెలలకొకసారి అదే చోట, అదే ప్రోబ్‌తో మళ్లీ కొలిపించి పక్కపక్కన పెట్టి చూడండి. అడ్డం కొలత రెండు మిల్లీమీటర్లు పెరిగినట్టు కనిపిస్తే వెంటనే చిగుళ్ల స్పెషలిస్టును కలవండి.