హ్యాబిట్ రివర్సల్ హ్యాండౌట్: అంతా బానే ఉంది, ఆ మెడ బొమ్మ తప్ప

మావాడికి పదేళ్లు. మెడ వాడి ప్రమేయం లేకుండానే కుడివైపుకి విసురుగా కొట్టుకునే టిక్, దానికి తోడు కళ్లు టపటపలాడించడం. టిక్స్ తగ్గించుకోవడానికి హ్యాబిట్ రివర్సల్ అనే పద్ధతి నేర్పే ఈ హ్యాండౌట్ థెరపిస్ట్ మా చేతిలో పెట్టి ఏడాది దాటింది, అంచులు నలిగిపోయేదాకా వాడాం. టిక్ అంటే ఏంటి, ఎందుకొస్తుంది అనే పేజీల గురించి చెప్పను, అవి అందరికీ తెలిసినవే. నా కోపమంతా మెడ టిక్ దగ్గర వేసిన బొమ్మ మీద.

పద్ధతి ఏంటంటే, టిక్ వచ్చే ముందు ఒంట్లో ఎక్కడో ఒక చోట సలపరంలాగా వస్తుంది కదా, అది తెలియగానే టిక్ జరగడానికి వీల్లేని ఇంకో కదలిక చేసి, ఒక నిమిషం గానీ ఆ సలపరం తగ్గేదాకా గానీ, ఏది ఎక్కువైతే అంతసేపు అలాగే పట్టి ఉంచాలి. కాంపిటింగ్ రెస్పాన్స్ అంటారు, మావాడు దానికి 'లాక్' అని పేరు పెట్టుకున్నాడు. హ్యాండౌట్‌లో మెడకి వేసిన బొమ్మలో పిల్లాడు గడ్డం ఛాతీకి ఆనించి, భుజాలు బిగించి, నేలకేసి చూస్తుంటాడు. మావాడు అచ్చం అలాగే చేశాడు.

ఇంట్లో బాగానే పనిచేసింది. స్కూల్లో మాత్రం తల దించితే బోర్డు కనపడదు, పక్కవాడేమో నిద్రపోతున్నావేంట్రా అంటాడు, సాయంత్రానికి మెడ పట్టేసి "అమ్మా నొప్పి" అని కూర్చునేవాడు. మెల్లగా క్లాసులో లాక్ వేయడమే మానేశాడు, మాకు చెప్పలేదు కూడా. మేం రోజూ సాయంత్రం ఒక గంట లెక్క రాసే షీట్‌లో టిక్స్ తగ్గుతున్నాయి, టీచర్ని అడిగితే ఏం మారలేదండీ అంటున్నారు, మాకేమో ఏది నమ్మాలో తెలియలేదు.

చివరికి థెరపిస్ట్ వాడిని ఏదీ నా ముందు వేసి చూపించు అన్నారు. చూడగానే విషయం అర్థమైంది. లాక్ టిక్‌ని అడ్డుకోవాలి, అంతవరకే చూస్తే బొమ్మ కరెక్టే, కానీ చేస్తున్న పని ఆగకూడదు, టిక్ కంటే ఎక్కువగా పదిమంది కంట్లో పడకూడదు, ఈ రెండూ లేకపోతే పిల్లలు బయట వాడరు అన్నారు. వెంటనే మార్చారు: తల నిటారుగా, చూపు ఎదురుగా, గడ్డం కాస్త లోపలికి లాగి, మెడ కండరాలు కొంచెం మాత్రమే బిగించి, భుజాలు వదులుగా, ఊపిరి మామూలుగా. బిగింపు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది అని అడిగా. లాక్ వేసి కావాలని టిక్ చెయ్యమన్నారు, మెడ తిరగలేదు. అలాగే ఉండి పాఠం చదవమన్నారు, చదివేశాడు. అంతే టెస్ట్. ఈ రెండు లైన్లు బొమ్మ కింద రాసుంటే అన్ని నెలలు మెడనొప్పి పడేవాడు కాదు పాపం.

మార్చాక క్లాసులో కూడా వేయడం మొదలుపెట్టాడు, కొన్ని వారాలకి టీచరే తేడా కనిపిస్తోంది అన్నారు.

నచ్చిన పేజీ లేకపోలేదు. ఒంటి బొమ్మ మీద సలపరం ఎక్కడ మొదలవుతుందో రంగు వేయమనే పేజీ సూపర్, మావాడు కుడి చెవి వెనకాల ఎర్రగా రుద్దేశాడు, అది తెలిశాకే లాక్ టైముకి పడింది. కాకపోతే కళ్ల టిక్‌కి అదే పేజీ ఇస్తే ఖాళీగా వదిలేశాడు, వాడికి ముందు ఏమీ తెలియట్లేదట. చిన్నపిల్లల్లో చాలామందికి ఇలా ముందుగా తెలియదని థెరపిస్ట్ అన్నారు, కాబట్టి ఆరేళ్ల పిల్లలున్నవాళ్లు ఈ పేజీ మీద మరీ ఆశ పెట్టుకోకండి.

తల్లిదండ్రుల పేజీలో "ఆపు" అనకుండా "లాక్ వెయ్యి నాన్నా" అనండి, టిక్ రానందుకు కాదు ప్రాక్టీస్ చేసినందుకు మెచ్చుకోండి అని ఉంది, చాలా మంచి మాట. కానీ ఎన్నిసార్లు గుర్తుచేయాలో రాయలేదు. వాళ్ల నాన్న నిమిషానికోసారి అంటుంటే పిల్లాడికి చిరాకొచ్చి టిక్స్ ఇంకా పెరిగాయి, ఇప్పుడు ప్రాక్టీస్ టైంలో తప్ప నోరెత్తకూడదని మా ఇంట్లో రూల్.

తీసుకోవచ్చా అంటే, పక్కన చూసి సరిచేసే థెరపిస్ట్ ఉంటే తీసుకోండి. మాకు ఒకే పెద్ద టిక్, వాడికీ తగ్గించుకోవాలని ఉంది, పైగా టిక్స్ వాటంతటవే కొన్నాళ్లు పెరిగి కొన్నాళ్లు తగ్గుతాయి, కాబట్టి ఇందులో ఎంత ఈ కాగితాల గొప్పో నేను చెప్పలేను. కళ్ల టిక్ జోలికి ఇంకా పోలేదు, ఎంత ఇబ్బందిగా ఉంది అని 0 నుంచి 10 దాకా మార్కులేసే చోట వాడు దానికి 2 వేశాడు.