మూడేళ్లుగా వాడుతున్న పద్ధతి: లింక్డ్‌ఇన్ అబౌట్‌లో గొప్పలు, పునరుక్తులు, చిన్న తప్పులు ఏరేయడం

నాది గోదాముల్లో స్టాక్ లెక్కలు చూసే ఉద్యోగం. మూడేళ్ల కిందట నా ప్రొఫైల్ అబౌట్ ఇలా మొదలయ్యేది: "రిజల్ట్స్-డ్రివెన్, హైలీ మోటివేటెడ్ ప్రొఫెషనల్ విత్ ఎ ప్రూవెన్ ట్రాక్ రికార్డ్." ఎవరి ప్రొఫైల్లోంచి ఎత్తుకొచ్చానో నాకే గుర్తులేదు. దాన్ని బాగుచేయడానికి కుదుర్చుకున్న పద్ధతి చిన్నదే. హెడ్‌లైన్, అబౌట్, ఎక్స్‌పీరియన్స్ మూడింటినీ ఒకే వర్డ్ ఫైల్లోకి తెచ్చుకోవడం, గొప్పలు కొట్టేయడం, వెతికి పునరుక్తులు పట్టడం, చివర కంప్యూటర్ చేత పైకి చదివించుకుని వినడం. ఏడాదికి రెండుసార్లు నాది, మధ్యలో మిత్రులవి కొన్ని ఇలాగే దిద్దుతున్నాను.

గొప్పల విషయంలో మొదట నేను చేసిన పని నిషిద్ధ పదాల జాబితా పెట్టుకోవడం. లింక్డ్‌ఇన్ వాళ్లే 2010 నుంచి కొన్నేళ్లపాటు అతిగా అరిగిపోయిన మాటల జాబితా ప్రకటించేవారు. 2011, 2012 రెండేళ్లూ "క్రియేటివ్" దే మొదటి స్థానం. జాబితా చూసి పదాలు తీసేస్తే ఏమైందంటే, "ప్యాషనేట్" పోయి "డెడికేటెడ్" వచ్చి కూర్చుంది. ఇప్పుడు జాబితా వదిలేశాను. ప్రతి గొప్ప మాట పక్కనా "ఏం చేశావని?" అని రాసుకుంటాను. జవాబు ఉంటే ఆ జవాబే వాక్యమవుతుంది, లేకపోతే వాక్యమే పోతుంది.

"ప్రూవెన్ ట్రాక్ రికార్డ్" పక్కన అలా రాసుకుంటే దొరికిన జవాబు ఇది: నెలాఖరు స్టాక్ లెక్కింపు నాలుగు రోజులు పట్టేది, బార్‌కోడ్ స్కానర్లు వచ్చాక ఒకటిన్నర రోజుకు దిగింది. సంబరంగా "లెక్కింపు సమయం నేను తగ్గించాను" అని రాశాను. అది చదివిన సహోద్యోగి "స్కానర్లు తెప్పించింది నువ్వా?" అన్నాడు. కాదు. సరుకుల కోడ్‌లలో రెండేసిసార్లు నమోదైనవి ఏరి, లేబుళ్ల పట్టిక సరిచేసింది మాత్రం నేను. చివరికి నిలిచిన వాక్యం: "మా బృందం బార్‌కోడ్ స్కానింగ్‌కు మారినప్పుడు కోడ్‌ల పట్టిక నేను సరిచేశాను, లెక్కింపు నాలుగు రోజుల నుంచి ఒకటిన్నర రోజుకు తగ్గింది." గొప్ప తగ్గింది, కానీ ఆ తర్వాత ఇంటర్వ్యూల్లో నన్నడిగిన మొదటి ప్రశ్న ఈ పట్టిక గురించే. అదే వాక్యాన్ని అబౌట్ మొదట్లో పెట్టాను. అక్కడ ముందు కనబడేవి పై రెండు మూడు వరుసలే, మిగతాది నొక్కితేగాని తెరుచుకోదు.

పునరుక్తులకు `Ctrl+F` చాలు, ఒక మెలకువ తెలిస్తే. పూర్తి పదం కాకుండా మొదటి ముక్క వెతకాలి. `managing` అని కొడితే నాకు మూడే కనిపించాయి, `manag` అని కొడితే పదకొండు. ఇక్కడే ఒక దెబ్బ కూడా తిన్నాను. ఊపులో "ఇన్వెంటరీ మేనేజ్‌మెంట్" అన్నదాన్ని కూడా అన్నిచోట్లా "స్టాక్ పనులు" గా మార్చేశాను. రిక్రూటర్లు వెతికేది ఆ పేరుతోనే కదా! పని పేరును హెడ్‌లైన్లో ఒకసారి, అబౌట్‌లో ఒకసారి ఉంచి, చుట్టూ ఉన్న క్రియలనే మార్చాలని అప్పుడు తెలిసింది. 2,600 అక్షరాల హద్దుకు దగ్గరగా ఉండే నా అబౌట్ ఇప్పుడు అందులో సగం కూడా లేదు.

వ్యాకరణంలో స్పెల్‌చెక్‌ను నమ్ముకుని మోసపోయాను. "లీడ్" కు భూతకాలం "లెడ్", స్పెల్లింగ్ `led`. నేను `lead` అని రాశాను. అదీ సరైన మాటే కాబట్టి కింద ఎర్రగీత పడలేదు, ఏడాదిపాటు అలాగే ఉండిపోయింది. వర్డ్‌లో `Review` కింద ఉండే `Read Aloud` నొక్కితే ఆ గొంతు "లీడ్ ఎ టీమ్" అని చదివింది, అప్పుడు చెవికి తగిలింది. మన తెలుగు వాళ్లకి అలవాటైన "సిన్స్ సిక్స్ ఇయర్స్" కూడా అలా వింటుంటేనే దొరికింది. అక్కడ "ఫర్" ఉండాలి. వదిలేసిన ఉద్యోగం గురించి ఇంకా వర్తమానంలో రాసిన రెండు వాక్యాలూ అంతే. ఒక మాట: మనమే పైకి చదువుకుంటే లాభం లేదు, లేని మాటను కూడా నోరు కలుపుకుని చదివేస్తుంది.

ఈ పద్ధతికి ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఒకటి తగ్గించింది `its`, `it's` కోసం. రెండూ చెవికి ఒకటే, స్పెల్‌చెక్‌కీ రెండూ మాటలే. అందుకని చివర్లో `it's` వెతికి, దొరికిన ప్రతిచోటా "ఇట్ ఈజ్" అని విడదీసి చూస్తాను. పోయిన నెల మిత్రుడి ప్రొఫైల్లో ఈ అడుగు మరిచిపోయాను. "ఆ కంపెనీ, దాని గోదాములు" అని ఉండాల్సిన చోట "ఆ కంపెనీ, అది గోదాములు" అని అర్థం వచ్చేలా ఉన్నదాన్ని అలాగే సేవ్ చేసి పెట్టాం.