లైన్ మూవ్‌మెంట్ యాప్: చార్ట్‌కి ఓకే, ఆ ఎర్ర బాణానికి మాత్రం దండం

న్యూజెర్సీలో ఉంటా, ఇక్కడ 2018 నుంచి స్పోర్ట్స్ బెట్టింగ్ లీగల్, చూసేది ఎన్‌ఎఫ్‌ఎల్ ఒక్కటే. (మన దగ్గర ఉన్నవాళ్ళు దీన్ని ట్రై చేద్దామనుకోకండి, తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆన్‌లైన్ పందేలు బ్యాన్ చేశాయి.) పందేలు తీసుకునే బుక్‌లు లైన్ ఎప్పుడు, ఎటు మార్చాయో చూపించే యాప్ ఇది, రెండు సీజన్లుగా డబ్బు కట్టి వాడుతున్నా కాబట్టి రాస్తున్నా. స్ప్రెడ్ అంటే ఏంటో, ఫేవరెట్ అంటే ఏంటో మీకు తెలుసనే అనుకుంటా.

మొదట్లో నేను దీనికి ఫ్యాన్‌ని. ఒక టీం మీద టికెట్లు, అంటే పందేల సంఖ్య, 70 శాతం ఉన్నాయి, అయినా లైన్ ఆ టీంకి ఎదురుగా జరిగింది అంటే జనం ఒకవైపు, పెద్ద లెక్కగాళ్ళు, అదే షార్ప్‌లు, ఇంకోవైపు అని అర్థం, అక్కడ యాప్ ఎర్ర బాణం వెలిగిస్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది. నా కోపమంతా ఆ బాణం మీదే.

మొన్న సీజన్‌లో ఒక గేమ్ చెప్తా. హోమ్ టీం -3, రెండు వైపులా ధర -110, అంటే వంద గెలవాలంటే నూట పది పెట్టాలి. టికెట్లలో మూడొంతులకి దగ్గరగా ఫేవరెట్ మీదే. శనివారం సాయంత్రం లైన్ -2.5కి దిగింది, బాణం వెలిగింది, "షార్ప్ మనీ అండర్‌డాగ్ మీద" అని నోటిఫికేషన్. మా బావమరిది వెంటనే +2.5 కొట్టేశాడు. నాకేమో ధర చూద్దాం అనిపించింది, కానీ బాణం పక్కన ధర ఉండదు, నంబర్ మీద నొక్కి ఇంకో పేజీకి పోతే అప్పుడు కనిపిస్తుంది: -2.5 ఇప్పుడు -130, +2.5 ఏమో +110.

ఇక్కడే ఉంది కిటుకు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఫీల్డ్ గోల్ 3 పాయింట్లు కాబట్టి చాలా గేములు సరిగ్గా 3 తేడాతో ముగుస్తాయి, మొత్తం గేముల్లో సుమారు 15 శాతం, వేరే ఏ అంకెకీ అంత రాదు. అందుకే 3 దగ్గర అర పాయింట్ ఖరీదెక్కువ, దాదాపు 20 సెంట్ల ధర. అంటే -3 కి -110 పెట్టడం, -2.5 కి -130 పెట్టడం ఇంచుమించు ఒకటే. లైన్ కదల్లేదు, అదే సరుకుకి లేబుల్ మార్చారంతే. షార్ప్ డబ్బు నిజంగా వచ్చి ఉంటే -2.5 కూడా -110కే దొరికేది, అప్పుడు బాణం వెలిగినా ఒప్పుకునేవాణ్ణి.

ఫేవరెట్ సరిగ్గా 3తో గెలిచింది. వేరే బుక్‌లో +3 ఇంకా -110కే ఉండింది, అది తీసుకున్నవాళ్ళకి డబ్బులు వాపస్, బావమరిదికి పోయాయి. అయితే ఒక్క గేమ్‌తో ఏదీ తేలదు, అండర్‌డాగ్ గెలిచుంటే వాడికి నూటికి నూట పది వచ్చేవి, నన్ను ఏడిపించేవాడు కూడా. నా గొడవ రిజల్ట్‌తో కాదు, ఏమీ జరగని చోట ఏదో జరిగినట్టు అలారం కొట్టడంతో.

టికెట్ల శాతం, డబ్బు శాతం పక్కపక్కన చూపించడం బావుంది అని ఇంతకుముందు ఫ్రెండ్స్‌కి చాలాసార్లు చెప్పా, అదీ కొంచెం తగ్గించుకోవాలి. ఆ శాతాలు ఏ బుక్‌వో యాప్ చెప్పదు. టికెట్లు తక్కువ, డబ్బు ఎక్కువ అంటే షార్ప్ అని రాసేస్తుంది కానీ డబ్బున్న ఒక్క అభిమాని సొంత టీం మీద పెద్ద బెట్ వేసినా అలాగే కనిపిస్తుంది కదా. ఆదివారం రాత్రి తర్వాతి వారం లైన్లు వచ్చినప్పుడు లిమిట్లు చిన్నవి, అప్పుడు కొద్ది డబ్బుకే నంబర్ కదులుతుంది, ఆ కదలికకీ ఆటకి గంట ముందు పెద్ద లిమిట్ల మీద వచ్చే కదలికకీ ఒకే సైజు బాణం. బుధవారం క్వార్టర్‌బ్యాక్ ప్రాక్టీస్‌కి రాలేదని లైన్ పడిపోయినా షార్ప్ అనే అంటుంది, అది వార్త రా నాయనా.

బాగా పనికొచ్చింది మాత్రం టైం చార్ట్, అది నేను ఊహించలేదు. ఏ బుక్ ఎన్ని గంటలకి మార్చిందో నిమిషంతో సహా ఉంటుంది. అన్నీ రెండు మూడు నిమిషాల్లో, ధరలతో సహా, ఒకే వైపు కదిలితే అది పట్టించుకోవాల్సిన విషయం. ఒక్క బుక్కే కదిలి మిగతావి కదలకపోతే, గంటలో వెనక్కి రావడమే ఎక్కువ చూశా. అయినా చార్ట్ చూసేసరికి మంచి నంబర్ అయిపోయి ఉంటుంది, +3.5 మీద షార్ప్‌లు పెట్టారని తెలిశాక మనకి దొరికేది +3, అది వేరే బెట్.

రెన్యూ చేస్తానా అంటే, ఈ సీజన్ వరకు చేశా, నోటిఫికేషన్లు ఆఫ్ పెట్టి. నాకు మూడు బుక్స్‌లో అకౌంట్లున్నాయి కాబట్టి చార్ట్ చూసి మంచి ధర వెతుక్కోడానికి గిట్టుబాటు అవుతోంది, నా బెట్లు కూడా డిన్నర్ ఖర్చు దాటవు. ఒక్క అకౌంటే ఉన్నవాళ్ళకి అంత డబ్బు దండగేమో. కాలేజ్ బాస్కెట్‌బాల్ మీద పందేలు కాసేవాళ్ళు వేరేగా చెప్పొచ్చు, అక్కడ 3కి ఇంత బరువు లేదు కాబట్టి ధర కనిపించకపోయినా పెద్ద తేడా రాదేమో.