ఆరేళ్లుగా నేను వాడుతున్న ఈఎంఐ పట్టిక

2019లో ఇంటి కోసం 20 లక్షల లోను తీసుకున్నాం. వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్లు, నెలకు 17,995 రూపాయల వాయిదా. ఏడాది తిరిగాక స్టేట్‌మెంట్ చూసి మా ఆవిడ అడిగింది: "రెండు లక్షల పైనే కట్టాం కదండీ, బాకీ ముప్పై ఏడు వేలే తగ్గిందేంటి?" ఆ రాత్రే ఎక్సెల్‌లో ఈ పట్టిక వేసుకున్నాను. ఇప్పటికీ ప్రతి నెలా తెరుస్తాను.

ఇందులో ఉన్న లెక్క ఒక్కటే. ఆ నెల మొదట్లో ఉన్న బాకీ మీద 9 శాతంలో పన్నెండో వంతు, అంటే 0.75 శాతం వడ్డీ పడుతుంది. వాయిదాలోంచి ముందు దాన్ని తీసేసుకుంటారు, మిగిలిందే అసలుకు జమ. మొదటి నెల 20 లక్షలకు వడ్డీయే 15,000, కాబట్టి అసలులో తగ్గింది 2,995. రెండో నెల బాకీ ఆ మేరకు తగ్గింది కనుక వడ్డీ 22 రూపాయలు తగ్గి, అంతే సొమ్ము అసలు వైపు చేరింది.

| వాయిదా | ముందున్న బాకీ | వడ్డీ | అసలు |
|---|---|---|---|
| 1 | 20,00,000 | 15,000 | 2,995 |
| 2 | 19,97,005 | 14,978 | 3,017 |
| 13 | 19,62,540 | 14,719 | 3,276 |
| 61 | 17,74,105 | 13,306 | 4,689 |
| 149 | 11,92,621 | 8,945 | 9,050 |

వడ్డీ కన్నా అసలు ఎక్కువయ్యేది 149వ వాయిదాలో, అంటే పన్నెండేళ్లు దాటాక. మీ లోనుకు ఏ నెల వడ్డీ అయినా చూడాలంటే, ఎక్సెల్‌లో ఈ ఫార్ములాలో వరుసగా నెల వడ్డీ రేటు, ఎన్నో వాయిదా, మొత్తం వాయిదాలు, మైనస్ గుర్తుతో లోను మొత్తం మీవి వేసుకోండి:

```
=IPMT(9%/12, 61, 240, -2000000)
```

నాకు దీంతో బాగా పనికొచ్చింది ముందస్తు చెల్లింపు లెక్క. 12 వాయిదాల తర్వాత అదనంగా లక్ష కట్టి, వాయిదా మొత్తం మార్చకుండా ఉంచితే, చివర్లో 27 వాయిదాలు పూర్తిగా తగ్గిపోతాయి. కట్టేటప్పుడు "గడువు తగ్గించండి" అని రాసివ్వాలి. వాయిదా తగ్గించమంటే ఇంత లాభం రాదు.

పట్టికకు ఉన్న లోపం, రేటు మారితే పాతబడిపోతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది, దాంతో మా లోను రేటూ పెరిగింది. మా వాయిదా మాత్రం మారలేదు, అందుకని ఏం పట్టించుకోలేదు. తీరా చూస్తే పెరిగింది గడువు. స్టేట్‌మెంట్‌లో వడ్డీ భాగం ఉన్నట్టుండి పెరిగి, అసలు భాగం తగ్గి కనిపించింది. వాయిదాలు సక్రమంగా కడుతున్నా అలా కనిపిస్తే రేటు మారిందేమో చూడండి. వాయిదా పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది ఎంచుకునే వీలు ఖాతాదారుకు ఇవ్వాలని 2023 ఆగస్టులో ఆర్‌బీఐ చెప్పింది. నేను బ్రాంచికి వెళ్లి వాయిదా పెంచమన్నాను, కొత్త రేటుతో పట్టిక మళ్లీ వేసుకున్నాను.