రెండు బ్లాకుల మధ్య గ్యాప్: తారు, సిలికాన్, పీయూ పదేళ్లకు పైగా వాడి చూశాక

మాది విజయవాడలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. పక్కపక్కనే రెండు బ్లాకులు. బయటి నుంచి చూస్తే ఒకే బిల్డింగ్‌లా ఉంటుంది గానీ, మధ్యలో డాబా నుంచి కింది దాకా బొటనవేలి వెడల్పు గ్యాప్ ఉంది. దాన్ని ఎక్స్‌పాన్షన్ జాయింట్ అంటారు. ఎండకి కాంక్రీటు సాగినప్పుడు ఒక బ్లాకు రెండో దాన్ని నెట్టకుండా కావాలనే వదిలిన సందు అది. కట్టినవాళ్లు ఆ సందులో థర్మోకోల్ షీటు పెట్టి, పైన సిమెంటు పూసి వెళ్లిపోయారు. కదిలే చోట సిమెంటు నిలవదు. మొదటి ఏడాదే బీటలిచ్చింది. వానాకాలం వస్తే మెట్ల దగ్గర గోడంతా తడి.

మెయింటెనెన్స్ పని నా చేతికి వచ్చినప్పటి నుంచి ఈ ఒక్క గ్యాప్‌లో నీళ్లు దిగకుండా సందు మూసే మూడు రకాల సీలెంట్లూ పోయించాను. ఏది ఎక్కడ నిలిచిందో, ఎక్కడ ఊడిందో నా కళ్లతో చూసిందే రాస్తున్నాను.

2014 ఏప్రిల్‌లో మొదట తారు పోశాం. మేస్త్రి డబ్బాలో తారు మరగబెట్టి డాబా మీద గ్యాప్‌లో నిండా పోశాడు, గోడ మీద చిక్కటి తారు ముద్ద తాపీతో నొక్కాడు. ఆ వానాకాలం ఒక్క చుక్క కారలేదు. అందరం సంతోషించాం. మరుసటి మే నెలలో అసలు సంగతి బయటపడింది. డాబా మీద తారు మెత్తబడి పైకి ఉబ్బింది. బట్టలారేయడానికి వెళ్లినవాళ్ల చెప్పులకు అంటుకుని మెట్ల మీదికి వచ్చింది. పడమటి గోడ మీదైతే కరిగి, రెండో అంతస్తు బాల్కనీ దాకా నల్లటి చారలు దిగాయి. రంగు వేయించినా ఆ చారలు మళ్లీ పైకి తేలాయి, ఎందుకంటే తారులోని నూనె రంగులోకి ఎక్కుతుంది. జనవరి వచ్చేసరికి ఉబ్బిన తారు వెనక్కి రాలేదు. గ్యాప్ వెడల్పయింది, తారు ఒక అంచు వదిలేసింది. ఆ సన్నటి సందు చాలు నీళ్లు దిగడానికి.

అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. గ్యాప్ నిజంగా ఎంత కదులుతోందో చూద్దామని డాబా మీద రెండు వైపులా పెన్సిల్ గీతలు గీసి, స్టీలు స్కేలుతో కొలవడం మొదలుపెట్టాను. మే నెల మధ్యాహ్నం మూడింటికి 22 మి.మీ. వచ్చింది. జనవరి తెల్లవారుజామున 27 మి.మీ. ఐదు మిల్లీమీటర్ల తేడా. లెక్క కూడా అలాగే వస్తుంది. పది మీటర్ల కాంక్రీటు పది డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక మిల్లీమీటరు సాగుతుంది. మా బ్లాకులు ఒక్కోటి 28 మీటర్ల పొడవు. ప్రతి బ్లాకూ రెండు చివరలకూ సమానంగా సాగుతుందనుకుంటే, గ్యాప్ వైపు వచ్చేది ఒక్కో దాన్నుంచి 14 మీటర్ల సాగుడు, రెండూ కలిపి 28 మీటర్ల పొడవుకి. కాంక్రీటు లోపలి దాకా 20 డిగ్రీల తేడా వస్తే ఐదున్నర మిల్లీమీటర్లు. నా స్కేలు అబద్ధం చెప్పలేదని అప్పుడు నమ్మకం కుదిరింది.

సీలెంట్ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి అంకె ఇక్కడే దొరుకుతుంది. ప్యాకెట్ మీదో, కంపెనీ ఇచ్చే కాగితంలోనో కదలిక 25 శాతం అని, 12.5 శాతం అని రాసి ఉంటుంది. పోసిన రోజు ఉన్న వెడల్పులో అంత శాతం సాగగలదు, అంతే నలగగలదు అని అర్థం. 12.5 శాతం రకాన్ని మే నెలలో, గ్యాప్ 22 మి.మీ. ఉన్నప్పుడు పోశామనుకోండి. అది 2.75 మి.మీ. కంటే ఎక్కువ సాగదు. జనవరిలో ఐదు సాగాలి. ఊడిపోక తప్పదు. అదే 25 శాతం రకాన్ని ఫిబ్రవరిలో, గ్యాప్ 24 దగ్గర ఉన్నప్పుడు పోస్తే అటు ఆరు, ఇటు ఆరు. జనవరికి సాగాల్సింది మూడు, మే నెలకి నలగాల్సింది రెండు. హాయిగా సరిపోతుంది. మా దగ్గర వానలకి ముందు, అంటే మే నెలలోనే అందరూ ఈ పని పెట్టుకుంటారు. అది అన్నిటికంటే చెడ్డ నెల.

ఇది తెలిసేలోపు ఇంకో పొరపాటు జరిగిపోయింది. 2016లో గోడ మీది తారంతా గీకించి సిలికాన్ పెట్టించాం. షాపులో మామూలుగా దొరికే ట్యూబే తెచ్చారు. పెడుతుంటే వెనిగర్ వాసన గుప్పుమంది. ఆ వాసన దేనికి గుర్తో అప్పుడు నాకు తెలియదు. ఆ రకం సిలికాన్ గట్టిపడేటప్పుడు ఆమ్లం వదులుతుంది. కాంక్రీటులో, సిమెంటు పూతలో సున్నం ఉంటుంది. ఆమ్లం సున్నంతో కలిసి అంచు దగ్గర పొడిపొడిగా ఒక పొర తయారవుతుంది. సిలికాన్ పట్టుకున్నది గోడని కాదు, ఆ పొడిని. ఒక్క వానాకాలం గడిచాక చివర పట్టుకుని లాగితే మూడు మీటర్లు రిబ్బను లాగా చేతిలోకి వచ్చేసింది. సిలికాన్ మాత్రం కొత్తదానిలా మెరుస్తూనే ఉంది.

ఇందులో తప్పు సిలికాన్‌ది కాదు, మేం ఎంచుకున్న రకానిది. వెనిగర్ వాసన రాని న్యూట్రల్ సిలికాన్ వేరే ఉంది. అదే 2016లో మా ఫ్లాట్ కిటికీల అల్యూమినియం ఫ్రేముల చుట్టూ న్యూట్రల్ రకం పెట్టించాను. పడమటి ఎండలో ఇన్నేళ్లున్నా గోరుతో నొక్కితే రబ్బరులా వెనక్కి వస్తుంది, ఒక్క బీట లేదు. ఎండని తట్టుకోవడంలో సిలికాన్‌కి సాటి లేదని ఆ కిటికీలు చూసే చెబుతున్నాను. అద్దం, అల్యూమినియం, టైల్స్ ఉన్న చోట అదే పెట్టండి. గోడ గ్యాప్‌కి కూడా న్యూట్రల్ రకం పనికొస్తుంది గానీ మా ఇంటికి రెండు అడ్డంకులు వచ్చాయి. ఒకటి, దాని మీద రంగు నిలవదు. బ్రష్ వేస్తే రంగు తామరాకు మీద నీళ్లలా చుక్కలు కడుతుంది. రెండు, తర్వాత ఎప్పుడైనా మార్చాలంటే నరకం. గీకినా కంటికి కనపడని పొర మిగులుతుంది, దాని మీద సిలికాన్ తప్ప ఇంకే సీలెంటూ అంటదు. మా గోడ అంచులు గ్రైండర్‌తో పలచగా చెక్కించాల్సి వచ్చింది, ఆ కూలీ సీలెంట్ ఖరీదుని మించింది.

2018 ఫిబ్రవరిలో పాలీయురేథేన్ పెట్టించాం. పనివాళ్లు పీయూ అంటారు. డాబా మీద అంచుల్లో మిగిలిన తారు కూడా గ్రైండర్‌తో తీయించాం, తారు నూనె పీయూలోకి ఎక్కితే మెత్తబడి ఊడుతుంది కాబట్టి. థర్మోకోల్‌ని నాలుగు సెంటీమీటర్ల లోతు దాకా పెరికేసి, 24 మి.మీ. గ్యాప్‌లో 30 మి.మీ. లావు ఫోమ్ తాడు నొక్కి కూర్చోబెట్టాం. ఇక్కడే మేస్త్రికీ నాకూ వాదన.

"ఈ స్పాంజి ఎందుకు సార్, లోపలి దాకా నిండా కొడితే గట్టిగా ఉంటది కదా" అన్నాడు.

"నిండా కొడితే సాగదయ్యా. రబ్బరు బ్యాండు సన్నగా ఉంటేనే సాగుతుంది కదా" అన్నాను.

ఫోమ్ తాడుకి రెండు పనులు. సీలెంట్ లోతు వెడల్పులో సగం, అంటే మా గ్యాప్‌లో 12 మి.మీ. దాటకుండా ఆపుతుంది. అడుగున అంటుకోకుండా చూస్తుంది. సీలెంట్ రెండు పక్క గోడలకే అంటుకోవాలి. అడుగుకి కూడా అంటుకుంటే అది మధ్యలో సన్నబడి సాగలేదు, చిరుగుతుంది. లోతు లేని గ్యాప్ అయితే తాడు బదులు అడుగున ప్లాస్టిక్ టేపు అతికించినా చాలు. తర్వాత అంచులకు ప్రైమర్ పూసి, కంపెనీ చెప్పినంతసేపు ఆరనిచ్చి, గన్‌తో పీయూ నింపి, గరిటెతో కొంచెం లోపలికి వంపు వచ్చేలా నొక్కించాం. 24 వెడల్పు, 12 లోతు అంటే మీటరుకి 288 మిల్లీలీటర్లు. 600 మిల్లీలీటర్ల ప్యాకెట్ రెండు మీటర్లకు వస్తుంది. డాబా మీద 14 మీటర్లకు ఏడు, 16 మీటర్ల ఎత్తు గోడకు ఒక్కో వైపు ఎనిమిది. మిగలడం, చిందడం కలిపి రెండు ఎక్కువ తెప్పించాను. ప్యాకెట్ మీద తేదీ చూడకుండా తీసుకోకండి. పాతబడితే లోపలే చిక్కబడి గన్‌లోంచి రాదు.

ఒక్క చోట దెబ్బతిన్నాం. తూర్పు గోడ అడుగున రెండు మీటర్లు మిగిలుండగా చినుకులు పడ్డాయి. మర్నాడు పైపైన ఆరిందనుకుని కొట్టించాం. వారానికి అక్కడ బుడగలు లేచాయి, కోసి చూస్తే లోపల తేనెపట్టులా తొర్రలు. పీయూ గాలిలో తేమతోనే గట్టిపడుతుంది. అది రోజుకి రెండు మూడు మి.మీ. లోతు చొప్పున నెమ్మదిగా జరగాలి. తడి గోడ మీద ఒక్కసారిగా జరిగితే గ్యాస్ పుట్టి లోపలే ఇరుక్కుంటుంది. ఆ రెండు మీటర్లు కోసేసి, గోడ బాగా ఎండనిచ్చి మళ్లీ చేయించాం.

ఇప్పటికి తూర్పు గోడ చెక్కుచెదరలేదు, రంగు కూడా దాని మీద నిలిచింది. డాబా మీద పీయూ పైన అల్యూమినియం పట్టీ బిగించాం, స్క్రూలు ఒకే వైపు. రెండు వైపులా బిగిస్తే పట్టీయే వంగుతుంది. ఎండ తగలక అక్కడ పీయూ మెత్తగా, నిండుగా ఉంది. రంగు రాలిపోయిన పడమటి గోడ మీద మాత్రం 2022 నుంచి పైపొర సుద్దలా పొడి రాలుతోంది, వెంట్రుక వాసి బీటలు కనిపిస్తున్నాయి. పీయూ బలహీనత ఇదే, నేరుగా తగిలే ఎండ. లోపల ఇంకా రబ్బరులాగే ఉంది, ఒక్క చోట తప్ప అంచులు వదలలేదు.

తారుని పూర్తిగా వదిలేశామని అనుకోవద్దు. గేటు నుంచి పార్కింగ్ దాకా ఉన్న కాంక్రీటు దారిలో పలకల మధ్య గ్యాపులకి ఇప్పటికీ రబ్బరు కలిపిన తారే వాడుతున్నాం. అడుగున తారు పట్టించిన ఫైబర్ బోర్డు, పైన వేడి తారు, నేల మట్టానికి ఐదు మి.మీ. కిందకే ఆపుతాం, ఎండలో ఉబ్బినా టైరుకి అంటుకోకుండా. పైన కాస్త ఇసుక చల్లుతాం. రెండేళ్లకోసారి లోటు పూడిస్తే సరిపోతుంది. బిల్డింగ్ గోడకీ చుట్టూ ఉన్న గచ్చుకీ మధ్య, మొక్కల నీడలో ఉన్న సందులో పోసిన తారైతే ఇంతవరకు తాకనేలేదు. కానీ బళ్లు నిలిపే చోట వద్దు. ఆయిల్, పెట్రోలు చుక్కలు పడితే తారు కరిగి బురదవుతుంది. అక్కడ పీయూ పెట్టించాను.

ఏటా జనవరి తెల్లవారుజామున, గ్యాప్ అన్నిటికంటే వెడల్పుగా ఉన్నప్పుడు, సన్నటి స్క్రూడ్రైవర్ మొనతో అంచులు నొక్కి చూస్తాను. మొన లోపలికి దిగితే అక్కడ పట్టు వదిలినట్టే. ఈసారి పడమటి వైపు నాలుగో అంతస్తు దగ్గర ఒక జానెడు మేర దిగింది. ఫిబ్రవరిలో ఆ ముక్క కోసి కొత్త పీయూ పెట్టించి, పడమటి గోడ మొత్తం మీద సాగే గుణమున్న రంగు వేయించబోతున్నాం.