60 లక్షల మెషినరీ లోను: బ్యాంకు ఫ్లోటింగా, ఫైనాన్స్ కంపెనీ ఫిక్స్‌డా, ఏది మేలు?

గుంటూరు దగ్గర అట్టపెట్టెల యూనిట్ నడిపే మా అన్నయ్య కొత్త మెషిన్ కోసం 60 లక్షల టర్మ్ లోను తీసుకుందామని రెండు చోట్ల అప్లై చేశాడు, రెండు చోట్లా శాంక్షన్ లెటర్లు వచ్చాయి. ప్రభుత్వ బ్యాంకు 9 శాతం ఫ్లోటింగ్ అంది, ఒక ఫైనాన్స్ కంపెనీ 10 శాతం ఫిక్స్‌డ్ అంది, రెండిటికీ ఏడేళ్లే. చాలామంది ఇక్కడే ఆగిపోయి, 9 తక్కువ కదా అని ఒకటి, ఫిక్స్‌డ్ అయితే నిశ్చింత కదా అని ఇంకొకటి ఎంచుకుంటారు. నా మాట ఏంటంటే ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు. రేటు దేనికి కట్టి ఉంది, మధ్యలో బయటికి రావాలంటే ఎంత కట్టాలి, లోను నడిచినన్నాళ్లూ మనం ఏ షరతులకి ఒప్పుకుంటున్నాం, ఈ మూడూ కలిపి చూస్తేనే ఏది చవకో తెలుస్తుంది.

ముందు రేటు సంగతి. బ్యాంకు 9 శాతం అంటే ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే రెపో రేటు 5.25, దాని మీద బ్యాంకు కలుపుకునే స్ప్రెడ్ 3.75. 2019 అక్టోబర్ నుంచి సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ లోన్లన్నీ రెపో లాంటి బయటి రేటుకే కట్టాలని ఆర్‌బీఐ రూలు పెట్టింది, కనీసం మూడు నెలలకోసారి రీసెట్ చేయాలి కూడా. అంటే ఆర్‌బీఐ తగ్గిస్తే బ్యాంకు మనకి ఇవ్వకుండా దాచుకోలేదు, పెంచితే కూడా వచ్చే రీసెట్‌కే మన నెత్తిన పడుతుంది. ఫైనాన్స్ కంపెనీలకి ఈ రూలు లేదు, అవి ఫ్లోటింగ్ ఇచ్చినా వాళ్ల సొంత రిఫరెన్స్ రేటు మీద ఇస్తాయి, అది ఎప్పుడు ఎంత మారుతుందో వాళ్ల ఇష్టం. అందుకే ఫైనాన్స్ కంపెనీలో ఫ్లోటింగ్ అనగానే బ్యాంకు ఫ్లోటింగ్ లాంటిదేలే అనుకోకండి.

మరి పెరిగితే ఎంత పెరుగుతుంది? మొన్నమొన్నటి ఉదాహరణే తీసుకుందాం. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.5కి వెళ్లింది, ఏడాది కూడా పట్టలేదు. అలాంటిదే మళ్లీ మొదటి నెల నుంచే జరిగిందనుకుని 11.5 శాతం మీద లెక్కేస్తే ఈఎంఐ 96,500 నుంచి 1,04,300 దాకా పోతుంది. ఫిక్స్‌డ్ 10 శాతం మీద అయితే 99,600. అంటే రేటు అసలు కదలకపోతే బ్యాంకులో నెలకి మూడు వేలు మిగులు, బాగా చెడ్డ కాలం వస్తే నెలకి 4,700 నష్టం. నెల నెలా సరుకు డబ్బు తిరిగే యూనిట్‌కి ఈ తేడా తట్టుకోలేనిదేం కాదు, కాబట్టి ఒక్క రేటు భయంతో ఫిక్స్‌డ్‌కి పోవాల్సిన పనిలేదని నా అభిప్రాయం.

పైగా ఆ ఫిక్స్‌డ్ లెటర్‌లో నాలుగో పేజీలో ఒక క్లాజ్ ఉంది, మనీ మార్కెట్ పరిస్థితులు మారితే మూడేళ్ల తర్వాత రేటు సవరించే హక్కు కంపెనీకి ఉంటుందని. అంటే ఏడేళ్ల ఫిక్స్‌డ్ కాదు, మూడేళ్ల ఫిక్స్‌డ్. ఫిక్స్‌డ్ అని చెప్పే ఏ కాగితంలోనైనా రీసెట్, రివిజన్ అన్న మాటలు ఎక్కడున్నాయో వెతకండి, ఉంటే ఎన్నేళ్లకి, దేని ప్రకారం అని రాతపూర్వకంగా అడగండి.

ఇప్పుడు ప్రీపేమెంట్, నాకు ఇదే అసలైన తేడా అనిపించింది. ఫైనాన్స్ కంపెనీ షరతు ఏంటంటే మొదటి ఏడాది ముందుగా కట్టకూడదు, ఆ తర్వాత కడితే కట్టిన దాని మీద 4 శాతం. అన్నయ్య రెండేళ్లకి ఒక ప్లాట్ అమ్మి 20 లక్షలు కట్టేద్దామనుకుంటున్నాడు, దానికే 80 వేలు ఛార్జి. మొత్తం లోనే వేరే బ్యాంకుకి మార్చుకుందామనుకుంటే? 24 ఈఎంఐలు కట్టాక ఇంకా 46.88 లక్షలు మిగిలి ఉంటుంది, 4 శాతం అంటే లక్షా 87 వేలు. అప్పుడు వేరే చోట 9 శాతానికి దొరికితే మిగిలిన 60 నెలల్లో మిగిలేది లక్షా 37 వేలే, అంటే మారినా నష్టమే. 8 శాతానికి దొరికితే 2 లక్షల 73 వేలు మిగులుతుంది కానీ ఆ లక్షా 87 వేలు, కొత్త చోట ప్రాసెసింగ్ ఫీజు, వాల్యుయేషన్, లీగల్ ఒపీనియన్, రిజిస్ట్రేషన్ ఖర్చులు తీసేస్తే చేతికొచ్చేది ఎంతో కాదు. అంటే బయట రేటు పూర్తి రెండు శాతం తక్కువున్నా కదలాలా వద్దా అని ఆలోచించుకోవాల్సిన పరిస్థితి. పెనాల్టీ అసలు పని ఇదే, ఆ 4 శాతం వసూలు కావడం కన్నా మనం వెళ్లిపోకుండా ఉండటమే వాళ్లకి లాభం.

బ్యాంకు వైపు ఇది సున్నా, వాళ్ల దయవల్ల కాదు, రూలు వల్ల. 2026 జనవరి 1 నుంచి శాంక్షన్ అయిన లేదా రెన్యూ అయిన ఫ్లోటింగ్ లోన్లకి వ్యక్తుల దగ్గరా, సూక్ష్మ చిన్న సంస్థల దగ్గరా వ్యాపార అవసరానికి తీసుకున్నా సరే వాణిజ్య బ్యాంకులు ప్రీపేమెంట్ ఛార్జి తీసుకోకూడదని ఆర్‌బీఐ చెప్పింది. డబ్బు ఎక్కడినుంచి తెచ్చి కట్టారని అడగకూడదు, ఇన్నాళ్లు ఆగాలని లాకిన్ కూడా పెట్టకూడదు. స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు, ఆర్‌బీఐ మిడిల్ లేయర్‌లో పెట్టిన ఎన్‌బీఎఫ్‌సీలు, అంటే ఫైనాన్స్ కంపెనీలు అయితే శాంక్షన్ మొత్తం 50 లక్షల లోపు ఉన్న ఫ్లోటింగ్ లోన్లకే ఈ మినహాయింపు. అప్పర్ లేయర్‌లో ఉన్న పెద్ద ఎన్‌బీఎఫ్‌సీలకి ఆ పరిమితి లేదు, వాళ్లు ఎంత లోనుకైనా తీసుకోకూడదు.

అన్నయ్యకి లోనిస్తానన్నది మిడిల్ లేయర్ కంపెనీ. అతను 60 బదులు 50 లక్షలే, అదీ ఫ్లోటింగ్‌లో తీసుకుని మిగతా పది సొంతంగా సర్దుకుంటే అక్కడ కూడా పెనాల్టీ ఉండదు. అదే 60 తీసుకుంటే పడుతుంది, ఫిక్స్‌డ్ అయితే ఎంత తక్కువ తీసుకున్నా ఈ మినహాయింపే వర్తించదు. మూడేళ్లు ఫిక్స్‌డ్ తర్వాత ఫ్లోటింగ్ అనే లోన్లకి, కట్టే రోజున అది ఏ రేటులో ఉందనేదే లెక్క. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోకుండా ఉన్నవాళ్లు లోనుకి వెళ్లే ముందే చేయించుకోండి, చిన్న సంస్థ అని చూపించే కాగితం అదే.

ఇంతవరకూ చూస్తే బ్యాంకే మేలు అనిపిస్తుంది, కానీ షరతుల దగ్గరికొస్తే బ్యాంకు కాగితం చాలా బరువు. నెల నెలా స్టాక్ స్టేట్‌మెంట్, బ్యాంకు పేరు మీద ఇన్సూరెన్స్, అమ్మకాల డబ్బంతా ఆ అకౌంట్లోంచే తిప్పాలి, వేరే చోట అప్పు చేయాలంటే పర్మిషన్, ఇవన్నీ మామూలే, క్రమశిక్షణ ఉంటే నడిచిపోతాయి. నేను రెండిటి దగ్గర ఆగాను.

ఒకటి, డీఎస్‌సీఆర్ 1.25కి తగ్గకూడదని. అంటే ఏడాదిలో వచ్చిన నికర లాభం, తరుగుదల, ఈ లోను మీద కట్టిన వడ్డీ మూడూ కలిపి, ఏడాది మొత్తం కట్టిన అసలూ వడ్డీతో భాగిస్తే వచ్చే నిష్పత్తి. అన్నయ్యకి మామూలు ఏడాదిలో లాభం 9, తరుగుదల 7, వడ్డీ 5, మొత్తం 21 లక్షలు, కట్టాల్సింది 11.58 లక్షలు, 1.81 వస్తుంది, భయం లేదు. వ్యాపారం తగ్గి లాభం 3 లక్షలకి పడిపోయిందనుకోండి, 15ని 11.58తో భాగిస్తే 1.30, అప్పుడూ అంచున గట్టెక్కుతాడు. కానీ అదే ఏడాది రెపో రెండున్నర శాతం పెరిగి ఉంటే ఏడాది కట్టుబడి 12.5 లక్షలు అవుతుంది, పైన ఆ 15 మాత్రం మారదు ఎందుకంటే వడ్డీ ఎంత పెరిగితే లాభం అంత తగ్గుతుంది, ట్యాక్స్ పక్కన పెడితే. 15ని 12.5తో భాగిస్తే 1.20, షరతు తప్పినట్టే. ఈఎంఐ ఒక్కటి కూడా ఆగలేదు, చెక్కు ఒక్కటి కూడా బౌన్స్ కాలేదు, అయినా కాగితం ప్రకారం తప్పు మనదే. ఫ్లోటింగ్ రేటు, ఈ షరతు రెండూ ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో చాలామంది గమనించరు, విడివిడిగా చదివితే కనపడదు మరి.

తప్పితే ఏమవుతుంది అంటే వెంటనే లోను వెనక్కి అడగరు గానీ రెండు జరుగుతాయి. పీనల్ ఛార్జి వేస్తారు, 2024 ఏప్రిల్ నుంచి దాన్ని వడ్డీలో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయడానికి లేదు, అది కొంత ఊరట. రెండోది, రేటింగ్ తగ్గిందని రిస్క్ ప్రీమియం పెంచొచ్చు, మన క్రెడిట్ పరిస్థితి గట్టిగా మారితే పెంచే వీలు అగ్రిమెంట్‌లోనే ఉంటుంది. అంటే రేటు పెరిగి ఇబ్బంది పడుతున్న ఏడాదే ఇంకొంచెం పెరుగుతుంది.

నేను ఆగిన రెండో షరతు ఇంట్లో వాళ్ల డబ్బు గురించి. వదిన వాళ్ల నాన్నగారు వ్యాపారంలో పెట్టమని ఇచ్చిన 12 లక్షల చేబదులు బాలెన్స్ షీట్‌లో ఉంది, బ్యాంకు దాన్ని సొంత పెట్టుబడి కిందే లెక్కేసి లోను తీరేదాకా వెనక్కి ఇవ్వకూడదని రాసింది. ఆయన రెండేళ్లలో చిన్న కూతురి పెళ్లికి ఆ డబ్బు అడుగుతారని ఇంట్లో అందరికీ తెలుసు, బ్యాంకుకి తెలీదు. అప్పుడు పర్మిషన్ లేకుండా ఇస్తే అది పెద్ద ఉల్లంఘన, ఆడిట్‌లో తప్పకుండా బయటపడుతుంది. ఇలాంటిది సంతకం తర్వాత చెప్తే వినరు, ముందే చెప్తే వింటారు.

ఫైనాన్స్ కంపెనీలో ఇవేవీ లేవు, స్టాక్ స్టేట్‌మెంట్ లేదు, డీఎస్‌సీఆర్ లేదు. బదులుగా ఒక్క వాక్యం ఉంది, కుటుంబంలో ఎవరి లోను ఎక్కడ డిఫాల్ట్ అయినా ఈ లోను కూడా డిఫాల్ట్ అయినట్టే అని. తమ్ముడి కారు లోను ఒక కిస్తీ లేటైనా వాళ్లకి హక్కు వస్తుంది. షరతులు తక్కువగా కనపడటానికి కారణం ఆ ఒక్క వాక్యం అన్నిటినీ కప్పేయడమే.

నేనైతే బ్యాంకు వైపే, అన్నయ్యకీ అదే చెప్పాను, ప్లాట్ డబ్బు రాబోతోంది కాబట్టి ముందుగా కట్టే స్వేచ్ఛ అతనికి అన్నిటికన్నా విలువ. కానీ శాంక్షన్ లెటర్ మీద సంతకం పెట్టకముందే మేనేజర్‌ని మూడు మార్పులు అడగమన్నాను. డీఎస్‌సీఆర్ ఏడాదికోసారి ఆడిట్ అయిన లెక్కల మీదే చూడాలి, తప్పితే సరిదిద్దుకోడానికి 90 రోజులు ఇవ్వాలి, మామగారి 12 లక్షల్లో సగం డీఎస్‌సీఆర్ 1.5 పైన ఉన్న ఏడాది వెనక్కి ఇచ్చుకోవచ్చని రాయాలి. మేనేజర్ మొదటి రెండూ పైకి రాసి పంపిస్తానన్నారు, మూడోది ప్లాట్ డబ్బు లోనుకి కట్టాక చూద్దామన్నారు, అది నోటిమాట కాబట్టి మెయిల్‌లో పెట్టించుకోమన్నాను.

లెక్కలు సరిగ్గా రాయని, నగదు అమ్మకాలు ఎక్కువున్న యూనిట్ అయితే బ్యాంకు షరతులు మొదటి ఏడాదే తప్పుతాయి, అలాంటివాళ్లకి ఫైనాన్స్ కంపెనీనే నయం, 50 లక్షల లోపు ఫ్లోటింగ్ అడగండి, కుటుంబం లోన్ల వాక్యాన్ని సంస్థ సొంత లోన్ల వరకే కుదించమనండి. ఎక్కడ తీసుకున్నా కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ చేతికి వచ్చాకే సంతకం పెట్టండి, అందులో రాయని ప్రీపేమెంట్ ఛార్జిని తర్వాత వేయడానికి వాళ్లకి వీల్లేదు.