స్పీడు తగ్గించాలా, పోటు కోసం ఆగాలా?

కడపకు సెలవుకొచ్చినప్పుడు, ఓడలో డెక్ క్యాడెట్‌గా చేరిన మా చిన్నాన్న కొడుకు అడిగాడు: "అన్నా, ఛానెల్లో లోతు చాలకపోతే నిదానంగా పోతే సరిపోదా?"

లెక్క వేసి చూపించినా. చార్టు లోతు 13 మీటర్లు, పోటు 0.5, ఓడ నీటిలో మునిగే లోతు, అంటే డ్రాఫ్ట్, 12 అనుకుంటే ఓడ అడుగు కింద 1.5 మీటర్లు మిగుల్తుంది, కానీ ఓడ నడిస్తే ఇంకా కిందికి దిగుతుంది, దాన్నే స్క్వాట్ అంటాం. బ్లాక్ కోఎఫిషెంట్, అంటే ఓడ మునిగిన భాగం పెట్టెలా ఎంత నిండుగా ఉందో చెప్పే లెక్క, 0.8 ఉన్న ఓడ ఇరుకు ఛానెల్లో 10 నాట్లకు దాదాపు 1.6 మీటర్లు దిగుతుంది, అంటే అడుగు తగిలినట్టే. 6 నాట్లకైతే 0.58, మిగిలేది 0.92, కానీ మన ప్లాన్లో కనీసం 1.2 ఉండాలని పెట్టుకున్నాం. పైగా అడ్డగాలిలో 6 నాట్లకు చుక్కాని సరిగా పలకదు, అదే టెన్షన్.

పోటు 1.5కి పెరిగేదాకా ఆగితే, 8 నాట్లతో పోయినా 1.48 మిగుల్తుంది. నేను ఆగడానికే ఓటేస్తా, అది కూడా లంగరు దగ్గర కాదు, వాతావరణం చూసుకుని సముద్రంలోనే ముందునుంచి వేగం తగ్గించుకుని, ఛానెల్ మొదటి వేపాయింట్‌కు పోటు వేళకు చేరేలా.